బజారును కొలిచే ముందు

కరీంనగర్, ఆదిలాబాద్ పాత బజార్ల మీద థీసిస్ చేస్తానని ఓ అమ్మాయి నాలుగు పేజీల ప్రతిపాదన పట్టుకొచ్చింది. ‘బజారు వీధుల చరిత్ర, సంస్కృతి’ అన్న ప్రశ్న చూసి, ఇది నీకు పదేళ్లకూ తెమలదమ్మా అన్నాను. ప్రశ్న ఒక్కటే ఉండాలి: రోడ్డు వెడల్పు చేశాక పాత దుకాణంలో ఏం మిగిలింది? పరిధి కూడా అంతే కురచగా ఉండాలి. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ నుంచి రెండు వందల మీటర్ల వీధి ఒకటి, ఆదిలాబాద్‌లో అంతే పొడవున్న పాత వీధి ఒకటి చాలు. ఇక పద్ధతి దగ్గరే చాలామంది బోల్తా పడతారు. బోర్డు మీది సంవత్సరం వ్యాపారానిది, కట్టడానిది కాదు. ముందంతా అద్దాలు, ఏసీపీ షీట్లు కనబడితే కొత్తదని రాసేస్తారు. వెనక సందులోకి వెళ్లి చూడాలి; అక్కడ మూరెడు మందం మట్టిగోడ, టేకు దూలం కనబడితే ముందుభాగం మాత్రమే తెగిందని అర్థం. అందుకే ముఖం వెడల్పుతో పాటు లోతు, గోడ మందం కూడా టేపుతో కొలవాలి. దస్తావేజుల్లో నిజాం కాలంనాటివి చాలావరకు ఉర్దూలో ఉంటాయి, ఆదిలాబాద్ దుకాణాల్లో మరాఠీ కూడా వినాలి. చదివిపెట్టే మనిషి లేకుండా ‘పాత రికార్డుల పరిశీలన’ అని రాయడం కాగితం నింపడమే. గైడ్ సంతకానికి ముందు, ఒక్క దుకాణాన్ని వెనక నుంచి కొలిచి రమ్మని పంపాను.