ఫుట్‌నోట్‌లో లింకు కాదు, తీర్పు చిరునామా కావాలి

ఈ మధ్య తిరుపతిలో ఒక లా కాలేజీ పెట్టిన వ్యాసాల పోటీకి పేపర్లు దిద్దే పని నాకు పడింది. అంశం మన ఊరిదే: తిరుమల అర్చకుల వంశపారంపర్య హక్కుల రద్దు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వ్యాసం చాలా బాగుంది. వాదన ఉంది, భాష ఉంది. కానీ ఫుట్‌నోట్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది. "సుప్రీంకోర్టు 1996లో చెప్పింది" అని రాసి కింద ఒక వెబ్‌సైట్ లింకు అతికించింది. నేను క్లిక్ చేస్తే ఆ పేజీ లేదు. పిలిచి అడిగితే, "నేను చూసినప్పుడు ఉండింది సార్" అంది. అబద్ధం చెప్పలేదు. అప్పుడు ఉండింది, ఇప్పుడు లేదు. లింకుతో వచ్చే చిక్కే అది.

ఆ తీర్పు అసలు చిరునామా ఇది: A.S. Narayana Deekshitulu v. State of A.P., (1996) 9 SCC 548. పిటిషనర్ తిరుమల ఆలయ అర్చకులు. తీర్పు 1996 మార్చి 19న వచ్చింది. ఈ వరుసను విడదీసి చూస్తే భయం పోతుంది. ముందు కక్షిదారుల పేర్లు. బ్రాకెట్లో ఉన్నది ఆ సంపుటి అచ్చయిన ఏడాది. 9 అంటే ఆ ఏడాది తొమ్మిదో సంపుటి. ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్ట్ కేసెస్, తీర్పులను అచ్చువేసే ఒక ప్రైవేటు పత్రిక. 548 అంటే తీర్పు మొదలయ్యే పేజీ. ఇదే తీర్పును ఏఐఆర్‌లో చూసినవాళ్లు AIR 1996 SC 1765 అని రాస్తారు. పుస్తకాలు వేరు, తీర్పు ఒకటే. తెలియనివాళ్లు రెండు కేసులనుకుని రెండు ఫుట్‌నోట్లు పెట్టిన సందర్భాలూ చూశాను.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ తీర్పు ఇద్దరు జడ్జీలది. జస్టిస్ కె. రామస్వామి సుదీర్ఘంగా రాశారు, జస్టిస్ బి.ఎల్. హన్సారియా ఏకీభవిస్తూ వేరుగా రాశారు. మీరు ఒక వాక్యం ఎత్తి రాసి "సుప్రీంకోర్టు అన్నది" అంటే చాలదు. ఏ జడ్జి, ఏ పేరా అన్నది కూడా కావాలి. పేరా నంబరు లేని సైటేషన్ ఎలాంటిదంటే, డోర్ నంబరు చెప్పకుండా "కొర్లగుంటలో ఉంటాను" అన్నట్టు.

చట్టం విషయంలో ఆ అమ్మాయి చేసిన తప్పు ఇంకాస్త లోతైనది. "ఎండోమెంట్స్ యాక్ట్ సెక్షన్ 34 వంశపారంపర్య హక్కులు రద్దు చేసింది" అని రాసింది. ఏ యాక్టు? మొదటిసారి ప్రస్తావించినప్పుడు పూర్తి పేరు, ఏడాది, చట్టం నంబరు ఇవ్వాలి: ఆంధ్రప్రదేశ్ ధార్మిక, హిందూ మత సంస్థలు, ఎండోమెంట్ల చట్టం, 1987, అంటే 1987లో 30వ చట్టం. దానికి ముందు 1966 నాటి చట్టం ఒకటుంది కాబట్టి ఏడాది లేకపోతే ఏది అని చదివేవాడికి తెలియదు. రెండోసారి నుంచి "1987 చట్టం" అంటే సరిపోతుంది.

అంతటితో అయిపోలేదు. 1996లో కోర్టు సమర్థించిన సెక్షన్ 34, ఇవాళ మీ ఫోన్లో కనిపించే సెక్షన్ 34 ఒకటి కాదు. మధ్యలో 2007లో 33వ చట్టంతో శాసనసభ సవరణ తెచ్చింది. అర్హత ఉన్న అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు వచ్చింది. ఈ రోజు పాఠం తీసుకుని, దాని కింద 1996 తీర్పును పెడితే, జడ్జీలు ఎన్నడూ చూడని మాటలను వాళ్లు సమర్థించారని రాసినట్టే. అందుకే చట్టాన్ని రాసేటప్పుడు ఏ తేదీ నాటి పాఠమో తెలిసి రాయాలి. "2007 సవరణకు ముందున్న సెక్షన్ 34" అన్న నాలుగు మాటలు చాలు. ఇదే జాగ్రత్త ఐపీసీకీ వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి జరిగిన హత్యకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103, దానికి ముందు జరిగినదానికి ఐపీసీ 302. పాత కేసు గురించి రాస్తూ కొత్త సెక్షన్ పెట్టడం ఈ ఏడాది నేను దిద్దిన పేపర్లలో బాగా కనిపించిన తప్పు.

ఇక న్యూట్రల్ సైటేషన్. ఎస్‌సీసీ, ఏఐఆర్ రెండూ ప్రైవేటు ప్రచురణలే. సెట్టు మొత్తం కొనే స్థోమత మన చిన్న కాలేజీల లైబ్రరీలకు ఎక్కడిది? ఉన్న సంపుటాల్లో మీకు కావలసిందే ఉండదు. ఈ ఇబ్బందికి బయటి దేశాల్లో ఎప్పుడో దారి కనుక్కున్నారు. ఇంగ్లండ్ కోర్టులు 2001లోనే తీర్పులకు తామే నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన సుప్రీంకోర్టులో 2023 ఫిబ్రవరి 23న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఈ పద్ధతిని ప్రకటించారు. దీని రూపం చాలా సులువు: ముందు ఏడాది, తర్వాత INSC అన్న గుర్తు, ఆ తర్వాత ఆ ఏడాది వరుస సంఖ్య. బ్రాకెట్లు లేవు, సంపుటి లేదు, పేజీ లేదు. కాగితం మీద ఏ పుస్తకంలో అచ్చయినా, అసలు అచ్చు కాకపోయినా ఆ నంబరు మారదు. scr.sci.gov.in లో డబ్బు కట్టకుండా ఆ నంబరుతో తీర్పు చూడొచ్చు. పాత తీర్పులకూ నంబర్లు ఇస్తున్నారు.

మనవాళ్లకు బాగా తెలిసిన కేసుతోనే చూద్దాం. ఎస్సీ వర్గీకరణ మీద వ్యాసం రాస్తున్నారనుకోండి. ఆంధ్రప్రదేశ్ 2000లో తెచ్చిన చట్టాన్ని అయిదుగురు జడ్జీల బెంచి E.V. Chinnaiah v. State of A.P., (2005) 1 SCC 394 లో కొట్టేసింది. బ్రాకెట్లో 2005 ఉంది కానీ తీర్పు వచ్చింది 2004 నవంబరు 5న. "2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది" అని రాస్తే అక్కడే తప్పు. సైటేషన్లో ఉన్న ఏడాది పుస్తకానిది. తీర్పు తేదీ విడిగా చూసుకోవాలి.

ఆ తర్వాత State of Punjab v. Davinder Singh వచ్చింది. ఈ పేరుతో మీకు రెండు తీర్పులు దొరుకుతాయి. ఒకటి (2020) 8 SCC 1. అందులో అయిదుగురు జడ్జీలు చిన్నయ్య కేసును మళ్లీ చూడాలంటూ పెద్ద బెంచికి పంపారు, అంతే. రెండోది 2024 INSC 562. ఏడుగురు జడ్జీలు 2024 ఆగస్టు 1న, 6:1 తేడాతో చిన్నయ్య తీర్పును తోసిపుచ్చి వర్గీకరణ చెల్లుతుందన్నది ఇందులోనే. పేరు మాత్రమే రాసి వదిలేస్తే పరీక్షకుడికి ఏది తెలుస్తుంది? 2024 INSC 562 అన్నామా, గొడవ లేదు.

అయితే న్యూట్రల్ నంబరు తీర్పును గుర్తించి ఇస్తుందే కానీ అది ఇప్పటికీ చెల్లుతుందా లేదా చెప్పదు. చిన్నయ్య తీర్పును ఈ రోజు ఎవరైనా సైటేషన్‌తో సహా పక్కాగా రాసి, "వర్గీకరణ రాజ్యాంగ విరుద్ధం" అని ముగిస్తే, సైటేషన్ కరెక్టు, న్యాయం తప్పు. కేసు పేరు అదే సైట్లో కొట్టి, తర్వాతి తీర్పులు దాని గురించి ఏమన్నాయో తేదీ వరుసలో చూడండి. పది నిమిషాల పని. తోసిపుచ్చిన తీర్పును చరిత్రగా రాయొచ్చు, ఫుట్‌నోట్లో "2024 INSC 562 లో తోసిపుచ్చారు" అన్న మాట చేర్చి.

2024 INSC 562 లో ఇంకో గుంత ఉంది, బాగా చదివేవాళ్లు కూడా అందులో పడుతున్నారు. అది ఒకే తీర్పు కాదు, ఒకే నంబరు కింద ఆరు తీర్పులు. జస్టిస్ చంద్రచూడ్ తన తరఫున, జస్టిస్ మనోజ్ మిశ్రా తరఫున ఒకటి రాశారు. జస్టిస్ గవాయ్ మొదలైన నలుగురు విడివిడిగా రాసి ఏకీభవించారు. జస్టిస్ బేలా త్రివేది విభేదించారు. కోర్టు పెట్టిన ఫైల్లో ఒక్కొక్కరి పేరాలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి "పేరా 20" అంటే ఎవరి పేరా 20? జడ్జి పేరు తప్పక రాయాలి. ఇది మర్యాద కోసం కాదు. ఎస్సీల్లో క్రీమీలేయర్‌ను గుర్తించాలన్న మాట జస్టిస్ గవాయ్ రాసినదాంట్లో ఉంది, మరికొందరు ఆయనతో కలిశారు. కానీ బెంచి ముందుకు వచ్చిన ప్రశ్న అది కాదు, జస్టిస్ చంద్రచూడ్ రాసినదాంట్లో దాన్ని తేల్చలేదు. "ఎస్సీలకు క్రీమీలేయర్ వర్తిస్తుందని ఏడుగురు జడ్జీల బెంచి తీర్పు" అని రాసిన వ్యాసాలు నా చేతికి వచ్చాయి. జస్టిస్ గవాయ్ పేరు, ఆయన పేరా నంబరు రాసి ఉంటే ఆ తప్పు రాసేటప్పుడే దొరికిపోయేది.

హైకోర్టు తీర్పుల దగ్గర వేరే తికమక. అక్కడ ఏడాది, కోర్టు కోడ్, సంఖ్య ఉంటాయి. ఢిల్లీ హైకోర్టుకు DHC లాగా ఏ కోర్టు కోడ్ దానిది. మన హైకోర్టు ఉత్తర్వు మొదటి పేజీ పైన APHC01 తో మొదలయ్యే పొడవాటి నంబరు చూసి కొందరు అదే న్యూట్రల్ సైటేషన్ అనుకుంటున్నారు. అది సీఎన్ఆర్, కేసు ఫైలుకు కంప్యూటర్ ఇచ్చే 16 అక్షరాల గుర్తు. ఒకే కేసులో పది ఉత్తర్వులు వచ్చినా సీఎన్ఆర్ ఒకటే. న్యూట్రల్ నంబరు ఒక్క తీర్పుది. అలాగే ప్రైవేటు వెబ్‌సైట్లు తమ సొంత నంబర్లు వేసుకుంటాయి. ఏడాదితో మొదలై న్యూట్రల్ లాగే కనిపిస్తాయి. మధ్యలో సంస్థ పేరు కనిపించిందా, అది న్యూట్రల్ కాదు.

ఇప్పుడు కాలేజీల గురించి ఒక మాట. లైబ్రరీలో ఎస్‌సీసీ సెట్టు లేకుండానే, ఎస్‌సీసీ సైటేషన్ లేదని మార్కులు కోసే చోట్లున్నాయి. పిల్లలేం చేస్తారు? ఇంకెవరి వ్యాసంలోంచో సైటేషన్ ఎత్తి తమ దాంట్లో వేసుకుంటారు. తీర్పు మొహం చూడరు. తప్పు పేజీ నంబరు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. న్యూట్రల్ నంబరు, పేరా నంబరు ఇస్తే పూర్తి మార్కులు ఇవ్వాలని, ఎస్‌సీసీ ఉంటే అదనంగా రాసుకోవచ్చని కాలేజీలు రాతపూర్వకంగా చెప్పాలి. మదనపల్లె నుంచి వచ్చే పిల్లకైనా హైదరాబాద్ పిల్లకైనా ఆ సైటు ఒకేలా తెరుచుకుంటుంది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడు సీనియర్ న్యాయవాది మీరు పంపిన రైటింగ్ శాంపిల్లో మొదట చూసేది ఫుట్‌నోట్లే. రెండు నంబర్లు కొట్టి చూస్తారు. రెండూ తెరుచుకుని, ఆ పేరాలో మీరన్న మాట ఉంటే మిగతాది చదువుతారు.

ఆ చిత్తూరు అమ్మాయి పేపర్ వెనక్కి తీసుకుని వారం తర్వాత మళ్లీ ఇచ్చింది. లింకులన్నీ పోయాయి. నారాయణ దీక్షితులు కేసు దగ్గర జడ్జి పేరు, పేరా నంబరు చేరాయి. సెక్షన్ 34 పక్కన "2007 సవరణకు ముందు" అని ఉంది. వ్యాసం ముగింపు కూడా మారింది. సవరణ సంగతి తెలిశాక పాత ముగింపు నిలవలేదట.