కోసిన పన్ను జమ అయినదా? ఫారం 16ను పే స్లిప్పులతో సరిచూడవలెను

ఉద్యోగి జీతం నుండి నెలనెలా ఆదాయపు పన్ను మినహాయించుకొనే అధికారాన్ని చట్టం యాజమాన్యానికి ఇచ్చినది. మినహాయించిన సొమ్మును ఆ ఉద్యోగి పేరున జమ చూపించే బాధ్యతను కూడా అదే చట్టం యాజమాన్యం మీదనే ఉంచినది. మొదటి పని ఏ నెలలోనూ తప్పిపోదు. రెండవ పని మాత్రం అప్పుడప్పుడు తప్పిపోతున్నది. తప్పిన సంగతి ఉద్యోగికి తెలియజేసే కాగితం ఒక్కటే ఉన్నది. అది ఏటా జూన్ 15వ తేదీలోగా కార్యాలయం ఇవ్వవలసిన ఫారం 16. దానిని రిటర్ను దాఖలుకు పనికివచ్చే కాగితంగా మాత్రమే భావించి దాచుకోవడం మన రైల్వే, తపాలా ఉద్యోగులలో అలవాటుగా మారినది. దానిని యాజమాన్యం మనకు సమర్పించిన లెక్కగా భావించి, మన పే స్లిప్పులతో సరిచూచుకోవడం అవసరం.

ఫారం 16లో రెండు భాగాలున్నవి. మొదటిది పార్ట్ ఎ. ఏ త్రైమాసికంలో ఎంత జీతం చెల్లించినారు, ఎంత పన్ను మినహాయించినారు, ఎంత జమ చేసినారు అన్నది ఇందులో ఉంటుంది. కార్యాలయం మూడు నెలలకొకసారి దాఖలు చేసే 24క్యూ నివేదికల నుండి ఇది తయారవుతుంది. రెండవది పార్ట్ బి. సంవత్సరాదాయం, మినహాయింపులు, చెల్లించవలసిన పన్ను ఇందులో ఉంటాయి. నాలుగవ త్రైమాసికం నివేదికకు జతపరచే వార్షిక పట్టిక దీనికి ఆధారం. రెండు భాగాలూ ఒకే కాగితంపై కనిపించినా వాటి పుట్టుక వేరు. అందుచేత పార్ట్ బి లెక్క పూర్తిగా సరిగా ఉండి, పార్ట్ ఎలో సొమ్ము తక్కువ పడవచ్చును. పన్ను శాఖ మనకు జమ ఇచ్చేది మాత్రం పార్ట్ ఎకు మూలమైన నివేదికలను బట్టియే.

సరిచూచుటకు ముందు ఏ పన్నెండు స్లిప్పులు తీసుకోవలెనో తెలియవలెను. ఇక్కడనే చాలామంది పొరపడుతున్నారు. కేంద్ర ప్రభుత్వ శాఖలలో మార్చి నెల జీతం ఏప్రిల్ మొదటి పనిదినాన చెల్లిస్తారు. తక్కిన నెలల జీతాలు ఆయా నెలల చివరి పనిదినాన చెల్లిస్తారు. కావున 2024–25 ఆర్థిక సంవత్సరపు ఫారం 16లో ఉండేది 2024 మార్చి నుండి 2025 ఫిబ్రవరి వరకు గల జీతం. ఏప్రిల్ నుండి మార్చి వరకు గల స్లిప్పులను కూడినవారికి లెక్క కుదరదు. ఈ పద్ధతి వలన మొదటి త్రైమాసికంలో నాలుగు స్లిప్పుల పన్ను (మార్చి, ఏప్రిల్, మే, జూన్), చివరి త్రైమాసికంలో రెండు స్లిప్పుల పన్ను (జనవరి, ఫిబ్రవరి) మాత్రమే కనిపించవలెను. చివరి త్రైమాసికంలో సొమ్ము తక్కువగా ఉన్నదని కంగారుపడనక్కరలేదు.

ఇక ఒక ఉదాహరణ తీసుకొందము. విజయవాడలో పనిచేసే ఒక రైల్వే ఉద్యోగిని ఊహించుకొందము. ఆయన మూల వేతనం 2024 జూన్ వరకు 44,900 రూపాయలు, జూలై ఇంక్రిమెంటుతో 46,200 రూపాయలు. ఆయన జాతీయ పింఛను పథకంలో ఉన్నారు, కొత్త పన్ను విధానాన్ని ఎంచుకొన్నారు. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, బకాయిలు అన్నీ కలిపి ఆయన పన్నెండు స్లిప్పుల స్థూల జీతం మొత్తం 9,83,092 రూపాయలు. కాని ఫారం 16లో స్థూల జీతం 11,18,430 రూపాయలుగా ఉన్నది. తేడా 1,35,338 రూపాయలు. తనకు అందని సొమ్ముపై పన్ను వేసినారా అన్న అనుమానం ఆయనకు కలగడం సహజం.

ఈ తేడాలో రెండు అంశాలున్నవి. ఒకటి ఉత్పాదకతతో ముడిపడిన బోనస్. 2024 అక్టోబరులో రైల్వే ఉద్యోగులకు 78 రోజుల బోనస్ గరిష్ఠంగా 17,951 రూపాయలు చెల్లించినారు. ప్రత్యేక బిల్లుపై చెల్లించిన బోనస్ నెల జీతపు స్లిప్పులో చేరకపోవచ్చును, కాని అది పన్ను పడే ఆదాయమే. రెండవది పింఛను పథకానికి ప్రభుత్వం చెల్లించే 14 శాతం వాటా. మూల వేతనం, కరువు భత్యంపై లెక్కించిన ఆ వాటా ఈయన విషయంలో 1,17,387 రూపాయలు. అది చేతికి రాదు. అయినా చట్టప్రకారం దానిని ముందు జీతంలో కలిపి, తరువాత 80సీసీడీ(2) సెక్షను క్రింద తీసివేయవలెను. 17,951, 1,17,387 కలిపితే సరిగా 1,35,338. అనగా స్థూల జీతం సరిపోయినది. ఇక్కడ చూడవలసిన ముఖ్య విషయం ఒక్కటే. కలిపిన వాటాను క్రింద మినహాయింపుల వరుసలో తిరిగి తీసివేసినారా, లేదా? కలిపి, తీసివేయడం మరచిన పక్షంలో ఈ ఉద్యోగిపై సుమారు 14,500 రూపాయల పన్ను అన్యాయంగా పడుతుంది. పాత పింఛనులో ఉన్న సోదరుల ఫారంలో ఈ వరుస ఉండదు.

ఈయన ఫారంలో వాటాను తీసివేసినారు. స్థూల జీతం నుండి 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షను, పింఛను వాటా పోగా పన్ను పడే ఆదాయం 9,26,040 రూపాయలు. ఆ సంవత్సరపు కొత్త విధానం రేట్ల ప్రకారం 3 లక్షల వరకు పన్ను లేదు. 3 నుండి 7 లక్షల వరకు 5 శాతం చొప్పున 20,000, ఆపై 2,26,040 రూపాయలకు 10 శాతం చొప్పున 22,604, మొత్తం 42,604 రూపాయలు. 4 శాతం సెస్సు కలిపి, పదులకు సవరించగా 44,310 రూపాయలు. ఆయన స్లిప్పులలో పదకొండు నెలలు 3,700 రూపాయల చొప్పున, ఫిబ్రవరిలో 3,610 రూపాయలు కోసినారు. మొత్తం సరిగా 44,310. పార్ట్ బి వరకు లెక్కలో దోషం లేదు. చాలామంది ఇక్కడ ఆగి, సంతకం చేసి, రిటర్ను దాఖలు చేస్తారు.

పార్ట్ ఎను కూడా చూడవలెను. పైన చెప్పిన పద్ధతిలో మొదటి త్రైమాసికంలో నాలుగు నెలల పన్ను 14,800, రెండవ దానిలో 11,100, మూడవ దానిలో 11,100, నాలుగవ దానిలో 7,310 రూపాయలు ఉండవలెను. కాని మూడవ త్రైమాసికం ఎదుట 7,400 మాత్రమే ఉన్నదనుకొందము. మొత్తం 40,610కి దిగినది. 3,700 రూపాయలు, అనగా సరిగా ఒక నెల పన్ను, జీతం నుండి పోయినది, జమలో చేరలేదు. ఈయన 44,310 రూపాయల జమ కోరుతూ రిటర్ను వేస్తే పన్ను శాఖ కంప్యూటరు 40,610 మాత్రమే ఒప్పుకొని, తక్కిన 3,700 తిరిగి చెల్లించమని నోటీసు పంపుతుంది. ఒకసారి కోసిన పన్నునే రెండవసారి అడిగినట్లవుతుంది.

ఏ నెల తప్పిపోయినదో ఫారం 26ఏఎస్ చెబుతుంది. పన్ను శాఖ పోర్టల్‌లో మన పాన్ సంఖ్యపై లభించే ఈ పట్టికలో ప్రతి చెల్లింపు తేదీతో సహా ఉంటుంది. అక్టోబరు, డిసెంబరు జీతాలు ఉండి నవంబరు జీతం లేకపోతే, కార్యాలయం 24క్యూ నివేదికలో ఆ నెలకు ఈయన పేరు వదలినారని, లేదా ఆ వరుసలో పాన్ సంఖ్య తప్పు వేసినారని అర్థం. త్రైమాసికం మొత్తం కనిపించకపోతే పాన్ తప్పయినా అయి ఉండవలెను, నివేదికయే దాఖలు కాకపోయి అయినా ఉండవలెను. వరుస ఉండి, దాని ఎదుట F అన్న అక్షరం లేకపోతే పేరు సరిగానే ఉన్నది, కాని సొమ్ము జమ ఇంకా ఖాయం కాలేదు. చాలా ప్రభుత్వ కార్యాలయాలు పన్నును చలానా ద్వారా గాక పుస్తక సర్దుబాటు ద్వారా జమ చేస్తాయి. కార్యాలయం చెప్పిన అంకె, అకౌంట్స్ కార్యాలయం తన 24జీ నివేదికలో చెప్పిన అంకె కలియకపోతే ఈ స్థితి ఏర్పడుతుంది. సంవత్సరం మధ్యలో బదిలీ అయినవారు మరొకటి గమనించవలెను. పాత కార్యాలయానికి, కొత్త కార్యాలయానికి టాన్ సంఖ్యలు వేరయితే రెండు పార్ట్ ఎలు రావలెను. ఒకటే వస్తే రెండవ దానిని అడిగి తీసుకోవలెను.

ఈ తప్పును ఉద్యోగి స్వయంగా దిద్దలేడు. 24క్యూను సవరించి దాఖలు చేసే అధికారం కార్యాలయానిదే. కనుక జీతాలు డ్రా చేసే అధికారికి వ్రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వవలెను. ఆ నెల పే స్లిప్పును, 26ఏఎస్ ప్రతిని జతపరచి, ఏ త్రైమాసికంలో ఏ నెలకు ఎన్ని రూపాయలు తక్కువ పడినవో స్పష్టంగా వ్రాసి, సవరణ నివేదికను, సవరించిన పార్ట్ ఎను కోరవలెను. దరఖాస్తు నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోవలెను. ఈలోగా పన్ను శాఖ నోటీసు వస్తే సొమ్ము కట్టివేయక, ఇవే కాగితాలతో జవాబు ఇవ్వవలెను. జీతం నుండి కోసిన మేరకు పన్నును ఉద్యోగి నుండి నేరుగా అడుగరాదని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 205వ సెక్షను చెబుతున్నది. యాజమాన్యం కోసి జమ చేయని సొమ్ముకు ఉద్యోగిపై బలవంతపు వసూలు జరుపరాదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2015లోను, 2016లోను తన అధికారులకు తెలియజేసినది. ఈ రక్షణకు ఆధారం పే స్లిప్పే. దానిని పారవేసినవాని చేతిలో రుజువు మిగలదు. 2026 ఏప్రిల్ 1 నుండి ఆరంభమయ్యే సంవత్సరాలకు 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది గనుక సెక్షన్ల సంఖ్యలు మారుతాయి. 1961 చట్టం క్రిందకు వచ్చే సంవత్సరాల వివాదాలలో పాత సంఖ్యలనే వ్రాయవలెను.

అయితే ఈ భారమంతా ఉద్యోగిపై వేయడం న్యాయమా అన్నది మన ప్రశ్న. గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద పనిచేసేవాడు, బీటుపై తిరిగే పోస్ట్‌మన్ మూడు పట్టికలు ముందు వేసుకొని జమలు వెదకవలసిన స్థితి యాజమాన్యం కల్పించినదే. నాలుగవ త్రైమాసికం నివేదికకు గడువు మే 31. ఫారం 16 వచ్చేది ఆ తరువాత. అనగా లెక్క మన చేతికి వచ్చేసరికే నివేదికలన్నీ దాఖలై ఉంటాయి. అప్పుడు కనిపించిన ప్రతి తప్పుకూ సవరణ నివేదిక, నిరీక్షణ తప్పవు. అదే లెక్కను ముందే చూపితే తప్పు దాఖలు కాకముందే దిద్దవచ్చును.

కావున ప్రతి డివిజను, ప్రతి తపాలా డివిజను స్థాయిలో మన శాఖలు పెట్టవలసిన కోర్కె ఇది. ప్రతి త్రైమాసికం నివేదిక దాఖలు చేయుటకు ముందు, ఉద్యోగి వారీగా నెల, చెల్లించిన జీతం, కోసిన పన్ను, పాన్ సంఖ్య గల పట్టికను కార్యాలయం ఉద్యోగికి అందజేయవలెను. బోనస్, బకాయిలు, పింఛను వాటా అందులో వేరు వేరు వరుసలలో చూపవలెను. ఇందుకు కొత్త ఖర్చు లేదు. ఈ అంకెలన్నీ జీతాల విభాగంలో ఉన్నవే. జీతం కోసిన రోజున స్లిప్పు ఇవ్వగలిగిన కార్యాలయం, కోసిన సొమ్ము ఎవరి పేరున ఎక్కడ వ్రాసినదో చెప్పగలదు. చెప్పవలసిన బాధ్యత దానిదే.