ఫోటోల కట్ట రిపోర్టు కాదు



షెడ్డు గోడ పగిలింది, పైకప్పు కారుతోంది, స్తంభం ఒరిగింది అంటూ మన కమిటీలు యాజమాన్యానికీ, ఫ్యాక్టరీ ఇన్స్‌పెక్టరుకీ రిపోర్టులు పెడుతూనే ఉన్నాయి. రాసేది అర పేజీ. వెనక కుట్టేది ముప్ఫై ఫోటోలు. ఏ ఫోటో ఎక్కడిదో, ఏ మాటకు సాక్ష్యమో రాసి ఉండదు. "ఫోటోలే మాట్లాడతాయి, మనం చెప్పేదేముంది?" అంటారు మనవాళ్ళు. ఫోటోలు మాట్లాడవు. మాట్లాడేది యాజమాన్యం. "ఇది మా షెడ్డే అని రుజువేమిటి? ఈ చీలిక పదేళ్ళనాటిది. పగిలింది పైపూతే, గోడ కాదు." ఈ మూడు మాటలతో ముప్ఫై ఫోటోలూ చెత్తబుట్టలో పడతాయి. తప్పు యాజమాన్యానిది ఒక్కటే కాదు, ఆ మూడు మాటలకూ చోటిచ్చిన రిపోర్టుది కూడా.

ఇది కాగితాల గొడవ కాదు, ప్రాణాల గొడవ. బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనానికి 2013 ఏప్రిల్ 23న చీలికలు కనిపించాయి. ఆ సంగతి టీవీలో కూడా వచ్చింది. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని రావద్దంది. కుట్టుపని కార్మికులను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి ఎక్కించారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు. చీలికను లోకమంతా చూసింది. చూడడం వేరు, ఆ కప్పు కింద పని ఆపించడం వేరు. పని ఆపించాలంటే, కాదనడానికి వీల్లేని కాగితం కార్మికుడి చేతిలో ఉండాలి. రానా ప్లాజాలో కాగితం ఒక్కటే చాలేదని ఎవరూ అనలేరు. కానీ అది కూడా లేకపోతే మన చేతిలో మిగిలేది ఏమిటి?

అల్లపల్లి, సిరొంచ వైపు నుంచి మిల్లులకు వచ్చిన మనవాళ్ళకు మరో ఉదాహరణ ఇంటి ముంగిట్లోనే ఉంది. సిరొంచ తాలూకా అంచున గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని ఏడవ బ్లాకులో స్తంభాలు కుంగాయి. వంగిన వంతెన ఫోటో రెండు రాష్ట్రాల్లోనూ ఫోన్లన్నిట్లో తిరిగింది. ఆ ఒక్క ఫోటో "కుంగింది" అన్న మాటను ఎదురులేకుండా నిలబెట్టింది. వంతెన గోడ తిన్నగా ఉండాల్సిన వస్తువు, అది వంగితే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. కానీ "ఎందుకు కుంగింది?" అన్న ప్రశ్నకు ఆ ఫోటోలో జవాబు లేదు. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూశాక కూడా డిజైను కాగితాలు, పరీక్షల లెక్కలు, కొలతలు కావాలని 20 అంశాలు అడిగారు. అన్నీ రాలేదని వాళ్ళే రాసుకున్నారు. పునాది కింది ఇసుక జారిపోవడం గురించి వాళ్ళు చెప్పిన మాటకు ఆధారం కొలతల్లోనూ, నక్షల్లోనూ వెతకాల్సిందే గాని ఫోటోలో దొరకదు. ఫోటో ఏం జరిగిందో చూపుతుంది, ఎందుకు జరిగిందో చూపదు. ఫోటో కింద "నాసిరకం పనివల్ల కూలబోతున్న గోడ" అని రాసే మన అలవాటు ఇక్కడే దెబ్బతింటోంది. ఫోటోలో లేనిదాన్ని దాని నెత్తిన పెడితే, ఉన్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మరి ఎలా చేయాలి? ఒక కేసు తీసుకుందాం. లూమ్ షెడ్డులో నాలుగో నంబరు స్తంభం పక్కన గోడకు చీలిక వచ్చిందనుకుందాం. ముందు కెమెరా తీయకండి. ముందు మనం రుజువు చేయాల్సిన మాటలు రాయండి. అవి మూడే. చీలిక ఫలానా చోట ఉంది. అది గోడలో ఉంది, పైపూతలో కాదు. అది పెరుగుతోంది. ఒక్కో మాటకు ఏ సాక్ష్యం కావాలో అప్పుడు ఆలోచించండి. ఏ మాటకూ పనికిరాని ఫోటో ఎంత భయం పుట్టించేదైనా పక్కన పెట్టండి.

మొదటి మాట "ఎక్కడ". దీనికి రెండు ఫోటోలు, ఒక బొమ్మ చాలు. ఒకటో ఫోటో దూరం నుంచి తీయాలి. గోడ మొత్తం, తలుపు, స్తంభం మీది నంబరు అన్నీ అందులో పడాలి. రెండోది దగ్గరగా, చీలిక మీద. చీలిక పక్కనే గోడకు ఆనించి స్టీలు స్కేలు పెట్టి, కెమెరాను గోడకు ఎదురుగా తిన్నగా పట్టాలి. పక్క నుంచి వాల్చి తీస్తే స్కేలు అబద్ధం చెబుతుంది. స్కేలు బదులు రూపాయి నాణెం పెట్టకండి, రూపాయి ఎన్నిసార్లు సైజు మారిందో మీకు తెలుసు. ఫోన్లో తీసిన అసలు ఫోటోను అలాగే దాచండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో చిక్కిపోతుంది, తీసిన తేదీ వివరమూ పోతుంది. బాణాలు, గుర్తులు వేయాలంటే నకలు మీద వేయండి.

ఫోటోకు చేతగాని పని బొమ్మ చేస్తుంది. తెల్లకాగితం మీద ఆ భాగాన్ని పై నుంచి చూసినట్టు గీయండి. స్తంభాల నంబర్లు, మగ్గాల నంబర్లు, తలుపు, ఉత్తర దిక్కు గుర్తు వేయండి. చీలిక దగ్గర "క" అని రాసి, నేల నుంచి ఎంత ఎత్తులో మొదలైందో, స్తంభం నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి అంకె వేయండి. ప్రతి ఫోటో ఎక్కడ నిలబడి ఎటు తిరిగి తీశారో చిన్న బాణంతో, ఫోటో నంబరుతో చూపండి. గీత వంకర పోయినా ఫరవాలేదు. "స్కేలు ప్రకారం గీసినది కాదు, దూరాలు రాసినవే లెక్క" అని కింద ఒక మాట రాస్తే చాలు. ఈ బొమ్మ ఉంటే ఇన్స్‌పెక్టరు మనల్ని అడక్కుండానే నేరుగా "క" దగ్గరికి నడిచి వెళతాడు. "మా షెడ్డే కాదు" అన్న మాట అక్కడితో ఆఖరు.

రెండో మాట "గోడలో ఉంది". దీనికి గోడ అవతలి వైపు వెళ్ళి, అంతే ఎత్తులో, అంతే దూరంలో చూడండి. అక్కడ కూడా చీలిక కనిపిస్తే స్కేలు పెట్టి మూడో ఫోటో తీసి, బొమ్మలో "ఖ" అని గుర్తు పెట్టండి. పైపూత మాత్రమే పగిలితే రెండు వైపులా ఒకే చోట పగలడం అరుదు. అవతల ఏమీ కనిపించకపోతే ఆ సంగతి కూడా రాయండి. దాచకండి. పైపూతను మీరు గీకి చూడకండి. "కార్మికులే పగలగొట్టారు" అనే సాకు వాళ్ళకు ఊరికే ఇచ్చినట్టవుతుంది.

మూడో మాట "పెరుగుతోంది". ఇక్కడ ఫోటో ఓడిపోతుంది, కొలత గెలుస్తుంది. భద్రాచలం దగ్గర 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరిందంటే ఎవరూ వాదించలేదు. ఎందుకు? అక్కడి గేజికి సున్నా ఎక్కడో అందరికీ ఒకటే, మూడో హెచ్చరిక 53 అడుగులని ముందే తెలుసు. అదే వరదలో ఒక రైతు "నా చేలో నడుముదాకా నీళ్ళు" అంటే, ఎవరి నడుము, చేనులో ఏ మూల, ఏ రోజు అని పంచనామాకు వచ్చినవాడు అడుగుతాడు. రైతు అబద్ధమాడలేదు. ఆయన కొలతకు సున్నా లేదు, అంతే.

మన చీలికకు సున్నా పెట్టండి. చీలిక మధ్యలో ఒకచోట పెన్సిలుతో అడ్డగీత గీయండి. కొలత ప్రతిసారీ ఆ గీత దగ్గరే తీయాలి, ఎందుకంటే ఒకే చీలిక పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు ఉంటుంది. చీలిక చివర దగ్గర కూడా చిన్న గీత గీసి తేదీ వేయండి. అది దాటి చీలిక సాగితే గీతే చెబుతుంది. వెడల్పు కొలవడానికి ఇంజనీరు రానక్కర్లేదు. కార్డింగులో ఫ్లాట్లకూ సిలిండరుకూ మధ్య సందు సెట్ చేసే ఫిట్టరు చేతిలోని గేజి రేకులే చాలు. ఆ రేకులు థౌల్లో ఉంటాయి, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో. సుమారు 40 థౌలు ఒక మిల్లీమీటరు. చీలికలో బిగువుగా, బలవంతం లేకుండా దూరే రేకు ఎంతో అదే వెడల్పు. వారానికొకసారి, అదే గీత దగ్గర, అదే వేళకు, మగ్గాలు నడుస్తున్నాయో ఆగి ఉన్నాయో రాసుకుంటూ కొలవండి. ఎండకూ, షెడ్డులోని తేమకూ గోడ కొంచెం కదులుతుంది. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొలిచి "పెరిగింది" అంటే మన లెక్క మనకే ఎదురుతిరుగుతుంది. కొలిచినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి.

ఇప్పుడు రిపోర్టు రాయండి. "గోడ ఘోరంగా పగిలింది, ఫోటోలు చూడగలరు" అని కాదు. ఇలా రాయండి: "నాలుగో స్తంభానికి తూర్పున గోడకు చీలిక ఉంది (ఫోటోలు 1, 2, బొమ్మలో 'క'). అది గోడ అవతలి వైపు కూడా అదే ఎత్తులో కనిపిస్తోంది (ఫోటో 3, 'ఖ'). జూన్ 3న దాని వెడల్పు 22 థౌలు, జూన్ 24న 34 థౌలు. మూడు వారాల్లో 12 థౌలు, అంటే సుమారు 0.3 మిల్లీమీటరు పెరిగింది (పట్టిక 1)." ఇందులో ప్రతి వాక్యం వెనక ఒక కాగితం ఉంది. ప్రతి కాగితాన్నీ ఒక వాక్యం పేరు పెట్టి పిలిచింది. అంకె వాక్యంలోనే ఉంది కాబట్టి, చివరి పేజీలు ఊడిపోయినా మాట నిలుస్తుంది. అన్నీ రాశాక ఒకసారి వెనక నుంచి సరిచూడండి. ఏ ఫోటోనైనా రిపోర్టు పిలవకపోతే దాన్ని తీసేయండి. ఏ మాటకైనా సాక్ష్యం లేకపోతే ఆ మాటను తగ్గించి రాయండి.

"ఇన్ని నియమాలు మాకెందుకు, మేమేమన్నా ఇంజనీర్లమా?" అనేవాళ్ళున్నారు. ఇంజనీర్లం కాదు కాబట్టే "గోడ కూలుతుంది" అని రాయొద్దంటున్నాం. ఆ మాట రాస్తే "మీ చదువేమిటి?" అంటారు. "మూడు వారాల్లో 12 థౌలు పెరిగింది" అని రాస్తే చదువు అడగలేరు, తమ రేకు తెచ్చి కొలుచుకోవాలి. అప్పుడు మన డిమాండు కూడా తిన్నగా నిలుస్తుంది: భవనాల ఇంజనీరుతో పరీక్ష చేయించాలి, ఆ పరీక్ష అయ్యేదాకా ఆ గోడ పక్క మగ్గాల మీద ఎవరినీ పెట్టకూడదు, ఆ రోజుల జీతం కోయకూడదు.

"ఫోటోలు ఎక్కువుంటే బరువుంటుంది" అనేవాళ్ళకు ఒకటే మాట. ముప్ఫై ఫోటోల్లో ఒకటి వేరే షెడ్డుదని తేలితే, మిగతా ఇరవై తొమ్మిదీ దానితోనే పోతాయి. మూడు ఫోటోలు, ఒక బొమ్మ, ఒక పట్టిక. ఈసారి కమిటీ సమావేశానికి ఏ రిపోర్టు వచ్చినా, సంతకం పెట్టేముందు ప్రతి సభ్యుడూ ఒక్కో ఫోటో మీద వేలుపెట్టి అడగాలి: ఇది ఏ వాక్యానికి సాక్ష్యం? జవాబు లేని ఫోటోతో రిపోర్టు గేటు దాటకూడదు.