రెజ్యూమె కంటే ముందు చిరునామా చూడండి

వాట్సాప్‌లో వచ్చిన ఉద్యోగం లింకు నొక్కగానే రెజ్యూమె పెట్టేసే ఫ్రెషర్లను చూస్తే నాకు భయమేస్తుంది. ‘ప్రముఖ ఎంఎన్‌సీలో డేటా ఎంట్రీ, వెంటనే చేరాలి’ అన్న ప్రకటననే తీసుకోండి. కంపెనీ పేరు లేదు, పని ఏ ఊళ్లోనో లేదు. అప్లై నొక్కితే మాత్రం పుట్టిన తేదీ, ఆధార్, పాన్ అన్నీ అడుగుతుంది. ఇంటర్వ్యూ కూడా జరగకముందే పాన్ ఎందుకు? నిజంగా ఉద్యోగమిచ్చేవారికి దాని అవసరం ఆఫర్ ఇచ్చే దశలోనే వస్తుంది. ప్రకటనలో కంపెనీ పేరుంటే, లింకు పక్కనపెట్టి ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్లో కెరీర్స్ పేజీ తెరిచి అదే ఉద్యోగం కోసం వెతకండి. అక్కడ కనిపిస్తే అక్కడే అప్లై చేయండి. లేకపోతే ఆ లింకు తెరిచే పోర్టల్ డొమైన్ ఎప్పుడు నమోదైందో హూయిస్‌లో చూడండి. ‘పదేళ్లుగా సేవలో’ అని రాసుకున్న సైటు పోయిన నెలలో పుట్టిందని తేలితే ఇక వదిలేయండి. అయితే పాత డొమైన్ కూడా పూర్తి భరోసా కాదు. పేరున్న పోర్టళ్లు సైతం రెజ్యూమెల డేటాబేస్‌ను రిక్రూటర్లకు డబ్బుకు తెరుస్తాయి, ఆ ముసుగులో మోసగాళ్లూ దూరగలరు. అందుకే రెజ్యూమెలో ఇంటి చిరునామా, పుట్టిన తేదీ తీసేసి ఊరి పేరు ఉంచితే చాలు. జీమెయిల్ ఉన్నవారు చిరునామాలో @కు ముందు ప్లస్ గుర్తు, పోర్టల్ పేరు చేర్చి ఇస్తే ఉత్తరాలు మామూలుగానే వస్తాయి. రేపు ఆ చిరునామాకే లోన్ల ప్రకటనలు మొదలైతే, వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో తెలిసిపోతుంది.