ఏటన్నార్రా వాళ్లు?

విశాఖ స్టేషన్లో రైలు లేటయినప్పుడు మైకులో వచ్చే మాట మనందరికీ కంఠతా వచ్చు. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ ఎవరు చింతిస్తున్నారో తెలీదు, రైలు ఎప్పుడొస్తుందో తెలీదు. ప్లాట్‌ఫాం మీద దాన్నెవరూ పట్టించుకోరు. కానీ డబ్బు పోయినవాళ్ల ఫోన్‌కి అదే వాక్యం జవాబుగా వస్తే ఒళ్లు మండుతుంది.

గాజువాకలో మా పిన్ని టైలరింగ్ చేస్తుంది. మొన్నో నెల 3వ తేదీన కుట్టు మిషన్‌కి మోటారు కొని, క్యూఆర్ స్కాన్ చేసి ₹1,850 కట్టింది. ఖాతాలోంచి డబ్బు పోయింది, షాపులో స్పీకర్ మాత్రం మోగలేదు. షాపాయన రాలేదంటే రాలేదన్నాడు. చేసేది లేక మళ్లీ నగదు ఇచ్చి వచ్చింది. ఆ కోపంతో యాప్ వాళ్లకి నాలుగు మాటలు రాస్తే మర్నాడు ఇంగ్లీషులో జవాబొచ్చింది: అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ సమస్య మాకు ముఖ్యం, వీలైనంత త్వరగా పరిష్కరిస్తాం.

“ఏటన్నార్రా వాళ్లు?” అనడిగింది పిన్ని.

“ఏమీ అనలేదు పిన్నీ” అన్నాను. నిజంగానే అందులో ఏమీ లేదు.

తమాషా ఏమిటంటే, చెప్పడానికి వాళ్ల దగ్గర బోలెడంత ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులోనే దీనికి గడువు పెట్టింది. యూపీఐలో షాపుకి కట్టిన డబ్బు మన ఖాతాలోంచి పోయి, అవతల అందినట్టు కబురు రాకపోతే, కట్టిన రోజు నుంచి ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి ₹100 పరిహారం, అదీ మనం అడక్కుండానే. అంటే పిన్నికి 8వ తేదీ గడువు. 11న వస్తే ₹300 అదనం. ‘వీలైనంత త్వరగా’ అనే చోట ‘8వ తేదీలోగా’ అని రాయడానికి ఏం అడ్డం?

ఒక్క అడ్డం ఉంది, అది న్యాయమైనదే. జవాబు రాసే ముందు లావాదేవీ తాలూకు 12 అంకెల నంబరు కొట్టి, డబ్బు ఎక్కడుందో చూడాలి. ఒక్కోసారి ఆలస్యంగానైనా షాపు ఖాతాలో పడిపోతుంది. అప్పుడు బ్యాంకు వెనక్కి ఇవ్వదు. షాపాయన్నే అడిగి తెచ్చుకోవాలి. ఇది చూడకుండా ‘వచ్చేస్తుంది’ అని మాటిస్తే, అది చింతిస్తున్నాం కన్నా ఘోరం. మనిషి ఎదురుచూస్తూ కూర్చుంటుంది, షాపాయన సంగతి మర్చిపోతాడు.

షాపుకి చేరలేదని తేలాక నేనైతే ఇలా రాస్తాను:

“నమస్కారమండీ. 3వ తేదీన మీరు కట్టిన ₹1,850 మీ ఖాతాలోంచి పోయాయి, షాపుకి అందలేదు. ఒకే వస్తువుకి రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వచ్చింది. మీ కోపం న్యాయమైనదే, మమ్మల్ని క్షమించండి. మీరిచ్చిన నంబరుతో చూశాం. మీ బ్యాంకు డబ్బు తీసింది గానీ అవతలి బ్యాంకు నుంచి అందినట్టు కబురు రాలేదు, షాపు ఖాతాలో జమ కాలేదు. ఆ డబ్బు 8వ తేదీలోగా మీ ఖాతాకే వస్తుంది. దాటితే రోజుకి ₹100 కలిపి వస్తుంది. మీరు చెయ్యాల్సిందేమీ లేదు. మా పేరు చెప్పి ఎవరైనా పిన్, ఓటీపీ అడిగితే చెప్పకండి. 9న పొద్దున్న మేమే మళ్లీ చూసి మీకు మెసేజ్ పెడతాం. కొత్త మోటారు బాగా నడుస్తోందని అనుకుంటున్నాం.”

ఇందులో క్షమాపణ ఒక్క ముక్కే, అదీ జరిగింది చెప్పాక. ఏం జరిగిందో తెలిసినట్టు కనబడకుండా ఎన్ని సారీలు చెప్పినా మైకులో మాటలాగే ఉంటుంది. ఓటీపీ మాట కూడా ఊరికే పెట్టలేదు. డబ్బు పోయిందని కంగారులో ఉన్నవాళ్లే నెట్‌లో దొరికిన దొంగ కస్టమర్ కేర్ నంబర్లకి ఫోన్ చేసి ఇంకాస్త పోగొట్టుకుంటారు.

ఇక చివరి మోటారు వాక్యం అవసరమా అని మా రూమ్మేట్ వాదించాడు. ‘మీకు శుభదినం’ కన్నా నయం కదా అన్నాను. శుభదినం అందరికీ పంపొచ్చు; మోటారు సంగతి పిన్ని ఉత్తరం చదివినవాడే రాయగలడు. అయితే అది తేదీ ఇచ్చాకే రావాలి. డబ్బు ఊసెత్తకుండా మోటారు ఎలా ఉందని అడిగితే, పిన్ని ఏమంటుందో ఈ పత్రికలో రాయలేను.

డబ్బు 7వ తేదీనే వచ్చేసింది. ఆ సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు. 10న గ్యాస్ బుక్ చేస్తూ బ్యాలెన్స్ చూసుకుంటే తెలిసింది. మధ్యలో ఆ మూడు రోజులూ బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లందరికీ ఆ యాప్ వాడొద్దని చెబుతూనే ఉంది.