వాయిదా బేరానికి ముందు నెంబరు ఎవరిదో చూసుకోవాలి

పసుపు యార్డులో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి నూరు బస్తాలు అరువుకు ఇమ్మంటే ఏ వర్తకుడూ ఇవ్వడు. లైసెన్సు ఎవరి పేరున ఉన్నది, ఏ ఖాతా నుంచి పైకం వస్తుంది, వెనుక ఏ అడ్తిదారు ఉన్నాడు అని నాలుగు చోట్ల విచారిస్తాడు. అదే వర్తకుడు వాయిదా బేరం దగ్గరకు వచ్చేసరికి ఫోనులో వచ్చిన ఒక సర్టిఫికెట్ బొమ్మ చూసి లక్షలు పంపుతున్నాడు. సర్టిఫికెట్ మీద సెబీ ముద్ర, కింద ఒక నెంబరు ఉంటే చాలునన్న నమ్మకం వర్తక వర్గాలలో ఏర్పడింది. ఈ నమ్మకానికి ఆధారం చాలా తక్కువ.

సరుకుల వాయిదా వ్యాపారం చాలా కాలం ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ అజమాయిషీలో నడిచింది. 2015 సెప్టెంబరు 28న ఆ కమిషన్ సెబీలో విలీనమైంది. అప్పటి నుంచి పసుపు, పత్తి, ధనియాలు మొదలైన సరుకులలో ఎక్స్ఛేంజి వాయిదా బేరాలు చేయించే బ్రోకరు సెబీ వద్ద రిజిస్టరు కావలసిందే. మార్కెట్ కమిటీ ఇచ్చిన కమీషన్ ఏజెంటు లైసెన్సు యార్డులో సరుకు అమ్మకానికే పనికివస్తుంది. నలభై ఏళ్లుగా యార్డులో పేరున్న దుకాణమైనా సరే, ఆ లైసెన్సు మీద ఫ్యూచర్స్ బేరం చేయించడానికి వీలులేదు. శీతల గిడ్డంగిలోని సరుకు ఇప్పుడు అమ్మాలా, నిలవ ఉంచాలా అని చెప్పే పెద్దమనిషికి సెబీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. వాయిదా కాంట్రాక్టు కొనండి, అమ్మండి అని రుసుము తీసుకుని సలహా ఇచ్చేవాడికి కావాలి.

నెంబరులోనే కొంత సమాచారం ఉన్నది. బ్రోకరు నెంబరు INZ అనే అక్షరాలతో మొదలవుతుంది. పెట్టుబడి సలహాదారు నెంబరు INA తోను, పరిశోధన నివేదికలు ఇచ్చే రీసెర్చి ఎనలిస్టు నెంబరు INH తోను మొదలవుతాయి. ఆ తర్వాత తొమ్మిది అంకెలు ఉంటాయి. ఈ మూడవ అక్షరం మీదనే సగం వ్యవహారం తేలిపోతుంది. INA నెంబరు గలవాడు సలహాకు రుసుము తీసుకోవచ్చునే గాని మార్జిను సొమ్ము తన ఖాతాలో వేయించుకోరాదు. INH నెంబరు చూపించి, "మీ పెట్టుబడి మాకివ్వండి, నెలకు ఇంత రాబడి ఇప్పిస్తాం" అనేవాడి నెంబరు నిజమైనదే అయినా అతను చేస్తున్న పని ఆ నెంబరుకు చెందినది కాదు. నికరంగా ఇంత లాభం అని మాట ఇవ్వడం ఈ మూడు తరగతులలో ఎవరికీ అనుమతి లేని పని.

అయితే ఈనాటి మోసగాళ్లు దొంగ నెంబరు తయారుచేసే శ్రమ పడటం లేదు. అసలు నెంబరునే వాడుకుంటున్నారు. సెబీ జాబితా అందరూ చూడగలిగినదే గనుక అందులోంచి ఒక సంస్థ పేరు, నెంబరు ఎత్తి రాసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టదు. అందుచేత నెంబరు జాబితాలో ఉన్నదని తేలినంత మాత్రాన ఏమీ తేలినట్లు కాదు. మాట్లాడుతున్న మనిషికీ ఆ నెంబరుకూ సంబంధం ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. పరిశీలన అంతా అక్కడే జరగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిజామాబాద్ వర్తకుడొకరి వద్ద 200 క్వింటాళ్ల పసుపు నిలవ ఉన్నది. ధర పడిపోతుందేమోనన్న భయంతో వాయిదాలో అమ్మి ఉంచుకోదలచాడు. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. కాబట్టి అతనికి నాలుగు లాట్లు కావాలి. క్వింటాలు 14,000 రూపాయలు అనుకుంటే బేరం విలువ 28 లక్షలు. మార్జిను పదో వంతు అనుకున్నా 2 లక్షల 80 వేలు ముందు కట్టాలి. ఫోనులో ఒకతను ఆ మార్జినులో సగానికే బేరం పెట్టిస్తానని, ముంబయి బ్రోకరు సంస్థ పేరు, INZ నెంబరు, సర్టిఫికెట్ బొమ్మ పంపాడు. మార్జిను ఎక్స్ఛేంజి నిర్ణయించేది. బ్రోకరు దానికి పైన అడగవచ్చు గాని దిగువకు దించలేడు. సగం మార్జిను అన్న మాట దగ్గరే వర్తకుడికి అనుమానం రావలసింది. సరే, రాలేదనుకుందాం.

వర్తకుడు www.sebi.gov.in తెరిచి, Recognised Intermediaries అన్న విభాగంలో సరుకుల వాయిదా బ్రోకర్ల జాబితాకు వెళ్లాడు. లింకు తనే టైపు చేశాడు, అవతలివాడు పంపిన లింకు నొక్కలేదు. ఇది చిన్న విషయంగా కనిపించినా ముఖ్యమైనది, ఎందుకంటే అచ్చంగా సెబీ పేజీలాగే ఉండే దొంగ పేజీ తయారుచేయడం కష్టమేమీ కాదు. నెంబరు కొట్టి వెతికితే సంస్థ పేరు, చిరునామా, టెలిఫోను, ఈమెయిలు, చెల్లుబాటు వివరం కనిపించాయి. పేరు సరిపోయింది. నెంబరు సరిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అతను ఇంకో అడుగు వేసి, జాబితాలో ఉన్న టెలిఫోనుకు తనే ఫోను చేశాడు. ఆ పేరుగల ఉద్యోగి తమ వద్ద లేడని, నిజామాబాద్‌లో తమకు ఎవరూ ప్రతినిధులు లేరని జవాబు వచ్చింది. పైకం పంపమన్న ఖాతా చూస్తే అది ఒక వ్యక్తి పేరున ఉన్న సేవింగ్స్ ఖాతా. వ్యవహారం అక్కడితో ముగిసింది. 2 లక్షల 80 వేలో, అందులో సగమో కాపాడినది సర్టిఫికెట్ కాదు, ఒక ఫోను కాలు.

జిల్లా పట్టణాలలో మరో చిక్కు ఉన్నది. దీన్ని గురించి చెప్పేవారు తక్కువ. నిజామాబాద్, దుగ్గిరాల, వరంగల్ వంటి చోట్ల బ్రోకరు ఆఫీసు అని బోర్డు పెట్టుకున్నవారిలో అధికభాగం అసలు బ్రోకర్లు కారు. పెద్ద బ్రోకరు తరఫున పనిచేసే ఆథరైజ్డ్ పర్సన్లు. సబ్ బ్రోకరు అనే పాత తరగతిని సెబీ 2018లో ఎత్తివేసే నిర్ణయం తీసుకున్నది. ఆథరైజ్డ్ పర్సన్‌కు సెబీ నెంబరు ఉండదు. బ్రోకరు కోరగా ఎక్స్ఛేంజి అతన్ని ఆమోదిస్తుంది. అందుచేత ఊళ్లో నిజాయితీగా పనిచేసే మనిషి పేరు సెబీ జాబితాలో వెతికితే దొరకదు. దొరకలేదని అతన్ని దొంగ అనుకోవడం అన్యాయం. దొరకకపోవడం మామూలేలెమ్మని ఎవరిని బడితే వారిని నమ్మడం అంతకన్నా ప్రమాదం. అతని పేరు ఎక్స్ఛేంజి వెబ్‌సైటులోని ఆథరైజ్డ్ పర్సన్ల జాబితాలోను, అతను చెప్పే బ్రోకరు వద్దను ఉన్నదా అని చూడాలి. ఆ బ్రోకరు INZ నెంబరు సెబీ జాబితాలో ఉండాలి. ఈ రెండు ముడులూ బిగిసినప్పుడే అతను అతనే.

ఆథరైజ్డ్ పర్సన్ క్లయింట్ల సొమ్ము తన పేరున తీసుకోకూడదు. కాంట్రాక్టు నోటు కూడా అతను ఇవ్వరాదు, బ్రోకరే ఇవ్వాలి. "ముంబయి పంపడానికి ఆలస్యమవుతుంది, నా ఖాతాలో వేయండి, నేను కట్టేస్తాను" అన్న మాట యార్డు అలవాటులో సహజంగా వినిపిస్తుంది. చేబదుళ్లతో నడిచే వ్యాపారంలో పెరిగినవారికి దాన్ని కాదనడం మొహమాటంగా కూడా ఉంటుంది. అయినా కాదనవలసిందే. నగదు సంగతి చెప్పనే అక్కరలేదు. బ్రోకరు క్లయింటు వద్ద నగదు తీసుకోరాదు. నగదు పుచ్చుకుని చీటీ మీద బేరం రాసుకునేది డబ్బా వ్యాపారం. ఆ బేరం ఎక్స్ఛేంజికి చేరదు, తగాదా వస్తే చెప్పుకునే చోటూ ఉండదు.

ఖాతా ఎవరిదో చూసుకోవడానికి 2025 అక్టోబరు నుంచి ఒక సదుపాయం వచ్చింది. సెబీ వెబ్‌సైటులోను, సారథి యాప్‌లోను సెబీ చెక్ అనే చోట బ్యాంకు ఖాతా నెంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు గాని, యూపీఐ ఐడీ గాని కొడితే అది రిజిస్టరైన సంస్థదేనా కాదా అన్నది తెలుస్తుంది. బ్రోకర్లకు కొత్తగా ఇచ్చిన యూపీఐ ఐడీలలో .brk అన్న గుర్తు, @valid తో మొదలై బ్యాంకు పేరు ఉంటాయి. పేరూ నెంబరూ ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు గాని పైకం చేరవలసిన ఖాతాను అరువు తెచ్చుకుంటే ఆ పైకం అసలు సంస్థకే పోతుంది, మోసగాడికి గిట్టుబాటు కాదు. అందుకే అన్ని పరిశీలనలలోకీ ఇది గట్టిది. పై ఉదాహరణలోని వర్తకుడు మొదట దీన్నే చేసి ఉంటే ఫోను కాలు కూడా అక్కరలేకపోయేది.

ఇంత చేసినా రిజిస్ట్రేషన్ చెప్పలేని సంగతి ఒకటి ఉన్నది. హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ వ్యవహారం తెలుగు వర్తకులు ఇంకా మరచిపోలేదు. క్లయింట్ల షేర్లను తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకున్నదన్న విషయం మీద 2019 నవంబరులో సెబీ ఆ సంస్థను కొత్త క్లయింట్లను చేర్చుకోకుండా ఆపింది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి దాన్ని సభ్యత్వం నుంచి తొలగించింది. సెబీ రిజిస్ట్రేషన్ రద్దయినది మాత్రం 2023లో. అంటే ఎక్స్ఛేంజి గెంటివేసిన తర్వాత కూడా రెండేళ్లకు పైగా రిజిస్ట్రేషన్ లెక్కలో ఉన్నదే. బ్రోకర్ల రిజిస్ట్రేషన్‌కు గడువు ఉండదు. సస్పెండు చేసేవరకో, రద్దు చేసేవరకో అది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి సెబీ జాబితాతో పాటు ఎక్స్ఛేంజిలో సభ్యత్వం ప్రస్తుతం నడుస్తున్నదా అన్నదీ, ఆ పేరు మీద సెబీ ఉత్తర్వులు ఏవైనా వచ్చాయా అన్నదీ చూడవలసి వస్తుంది. ఖాతా తెరిచిన నాడు ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు. సీజను మొదట్లో మరొకసారి చూడటం మంచిది.

బేరం జరిగిన తర్వాత కూడా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. 24 గంటలలోగా కాంట్రాక్టు నోటు రావాలి. దానిమీద బ్రోకరు INZ నెంబరు, క్లయింటు కోడు, బేరం నెంబరు, వేళ ఉంటాయి. ఎక్స్ఛేంజి నుంచి కూడా క్లయింటు ఫోనుకు నేరుగా సందేశం వస్తుంది. కొందరు తమ ఫోను నెంబరు బదులు బ్రోకరు గుమాస్తా నెంబరు రాయించి ఆ సందేశాలే రాకుండా చేసుకుంటున్నారు. సౌకర్యం కోసం చేసిన ఈ పనితో సొంత కాపలాను తామే తొలగించుకుంటున్నారు.

వర్తక సంఘాల ఆఫీసులలో ధరల పట్టిక పక్కన ఆ పట్టణానికి చెందిన ఆథరైజ్డ్ పర్సన్ల పేర్లు, వారి వెనుక ఉన్న బ్రోకరు పేరు, INZ నెంబరు రాసిన కాగితం ఒకటి అతికించి, మూడు నెలలకొకసారి ఎక్స్ఛేంజి జాబితాతో సరిచూసి మార్చితే ఖర్చేమీ లేదు. యార్డు లైసెన్సుల జాబితా గోడమీద ఉండగా లేనిది దీనికెందుకన్నది సంఘం పెద్దలే చెప్పాలి.