ఇద్దత్ అయిపోతే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనా?

భర్త ఇంతెఖాల్ తర్వాత నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడవగానే, "ఇక పుట్టింటికి పంపేద్దాం" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఆమె హక్కు ఇద్దత్‌తో తీరిపోదు.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం భర్త ఆస్తి నుంచి వితంతువుకు నెలనెలా భరణం రాదు, ఇద్దత్ రోజులకు కూడా. హిందూ వితంతువుకు 1956 చట్టంలో ఉన్న ఆ హక్కు మనకు వర్తించదు. మనకున్నవి రెండు: మెహర్, విరాసత్.

మెహర్ భర్త మీద అప్పు. కఫన్ దఫన్ ఖర్చు పోగానే మిగతా అప్పులతో పాటు అదీ తీర్చాలి, పంపకం ఆ తర్వాతే. ఒక ఉదాహరణ చూద్దాం. భర్త వదిలిన ఇల్లు, డబ్బు కలిపి 42 లక్షలు. మెహర్ బాకీ 2 లక్షలు. వేరే అప్పుల్లేవు, వసియ్యత్ లేదు, అతని అమ్మానాన్న ముందే పోయారు. మెహర్ తీసేస్తే మిగిలేది 40 లక్షలు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. మిగతా 35 లక్షల్లో ఇద్దరు కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7. పిల్లలే లేకుంటే భార్య వాటా నాలుగో వంతు అయ్యేది.

మెహర్ బాకీ ఉండి, బలవంతం, మోసం లేకుండా ఇల్లు ఆమె చేతిలో ఉంటే, బాకీ తీరేదాకా వారసులు ఆమెను ఖాళీ చేయించలేరు. 1925లో మైనా బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ దీనికి హద్దు కూడా చెప్పింది: అట్టిపెట్టుకోవచ్చు గానీ, మిగతా వారసుల వాటాలు అమ్మే హక్కు ఆమెకు లేదు. అద్దె వస్తుంటే లెక్క చెప్పాలి. ఇల్లు చేతిలో లేకుంటే మెహర్ కోసం మూడేళ్లలోపు దావా వేయాలి.

ఇక్కడే మోసం జరుగుతుంది. జనాజా లేచే ముందు "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. మాఫీ ఆమె ఇష్టంతో చేసేది. ఏడుస్తున్న మనిషి నోట పలికించినదాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. నికాహ్‌నామా కాగితం భద్రంగా పెట్టుకోవాలి.

ఇల్లు మామగారి పేరున ఉంటే? తండ్రి బతికుండగా కొడుకు పోతే కోడలికి అందులో వాటా రాదు. కానీ 2005 గృహహింస చట్టం ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. కలిసి బతికిన ఇంట్లోంచి ఆమెను చట్టప్రకారం తప్ప గెంటేయకూడదు. 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు వితంతువుకూ ఈ హక్కుందని తేల్చింది. మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఇది ఉండే హక్కే, యాజమాన్యం కాదు.

మరి తిండి ఖర్చు? తనను తాను పోషించుకోలేని తల్లి, స్థోమత ఉన్న పిల్లల మీద నెలవారీ భరణానికి కోర్టుకు వెళ్లవచ్చు. అది వాళ్ల సంపాదన నుంచి వచ్చేది, ఆమె ఎనిమిదో వంతులో కోసేది కాదు.